మా సంఘం ఈమెయిల్ లేఖ కొందరికి ఖాళీగా కనబడుతోంది, ఉత్త అక్షరాల కాపీ ఎలా తయారుచెయ్యాలి?

బరంపురం_బాబ్జీ

మా తెలుగు సంఘం నెలనెలా ఈమెయిల్లో పంపే లేఖ పని మూడేళ్లుగా నాదే. 610 మందికి వెళ్తుంది. సగం మంది బరంపురంలోనే, మిగతావాళ్లు ఛత్రపురం, అస్కా, పర్లాకిమిడి, పిల్లల దగ్గరికి వెళ్లిపోయిన పెద్దవాళ్లు కొందరు విశాఖ, హైదరాబాదు. డిజైన్ చేసే అబ్బాయి రెండు పేజీలు పోస్టర్‌లా ముచ్చటగా చేసిస్తాడు, నేను ఆ రెండు బొమ్మలూ మెయిల్లో పెట్టి పంపేస్తా.

మే నెలలో సభ హాలు మారింది. లేఖలో పైనే పెద్దక్షరాలతో వేశాం. అయినా ఏడుగురు పాత హాలుకే వెళ్లి ఎండలో తాళం వేసిన గేటు ముందు నిలబడ్డారు. వాళ్లలో ఒక మేష్టారికి 74 ఏళ్లు. నేను వాళ్లింటికెళ్లి కంప్యూటర్లో మెయిల్ తెరిపించి చూశా. రెండు ఖాళీ డబ్బాలు, పైన బొమ్మలు కావాలంటే ఇక్కడ నొక్కండి అని ఇంగ్లీషులో ఒక పట్టీ, కింద చందా రద్దు లింకు, అంతే. "బాబూ, ఎప్పుడూ ఇలాగే వస్తుంది, మీరు ఏటో పరీక్ష చేసుకుంటున్నారనుకున్నాను" అన్నారు. ఆ మాట ఇంకా మనసులో గుచ్చుకుంటోంది.

మేం వాడే మెయిల్ సర్వీసులో Plain text అని ఇంకో పెట్టె ఉంది, ఇప్పటిదాకా తెరవలేదు. తెరిస్తే అందులోనూ చందా రద్దు లింకొక్కటే ఉంది. డిజైన్ పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అందులో వేద్దామంటే చెత్త అక్షరాలొస్తున్నాయి. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

క్లిక్_కిరణ్

సింపుల్ అండి. ఆ ప్లెయిన్ టెక్స్ట్ పెట్టెలో మేటరంతా టైప్ చేసెయ్యండి. బొమ్మలు బ్లాక్ అయినవాళ్లకి మెయిల్ ప్రోగ్రామే దాన్ని తీసి చూపిస్తుంది. బొమ్మలు వస్తే పోస్టర్, రాకపోతే అక్షరాలు. అరగంట పని.

ప్రాణహిత_ఒడ్డు

మా సిరొంచ దిక్కు గూడ గిదే బాధ. గ్రూపుల ఎవరన్న పత్రిక పెడ్తే మసక మసకగ డబ్బా కనబడ్తది, నొక్కినంక గూడ నెట్ లేకుంటే తిరుగుతనే ఉంటది. వాట్సాప్ సెట్టింగ్స్‌ల ఫోటోలు ఆటోమేటిక్‌గ దిగేటట్టు పెట్టుకొమ్మని మీ మేష్టారికి చెప్పుండ్రి.

బరంపురం_బాబ్జీ

@ప్రాణహిత_ఒడ్డు వాట్సాప్ కాదండీ, ఈమెయిల్. ఆయన కంప్యూటర్లో అవుట్‌లుక్ వాడతారు. నెట్ బాగానే ఉంది.

టెర్మినల్_తాత

రాయగడ నుంచి. మెయిల్ సర్వర్లతోనే ఉద్యోగం గడిచింది కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

కిరణ్ చెప్పింది చాలామంది అనుకునేదే, కానీ అలా జరగదు. మీరు పంపే మెయిల్లో ఒకే ఉత్తరానికి రెండు రూపాలు పక్కపక్కన ఉంటాయి, ఒకటి text/plain, ఇంకోటి text/html. ఈ కట్టకి multipart/alternative అని పేరు, 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2046 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో ఉంది. సాదా రూపం ముందు, సింగారించిన రూపం చివర పెట్టాలి. చదివే ప్రోగ్రాం తనకి చేతనైనవాటిలో చివరిదాన్ని ఎంచుకుంటుంది. అవుట్‌లుక్‌కి హెచ్‌టీఎంఎల్ వచ్చు కాబట్టి అదే ఎంచుకుంటుంది. ఆ తర్వాతే, హెచ్‌టీఎంఎల్ చూపిస్తూ, అందులో బయట నుంచి తేవాల్సిన బొమ్మల్ని ఆపుతుంది. బొమ్మలు ఆపాను కదా అని వెనక్కెళ్లి ఆ రెండో రూపం తియ్యదు. అంటే బాబ్జీ ఆ పెట్టె నిండా టైప్ చేసినా మేష్టారికి మళ్లీ అవే రెండు ఖాళీ డబ్బాలు.

ఇక్కడ రెండు పనులున్నాయి, రెంటినీ కలపకండి. బొమ్మలు ఆపే ప్రోగ్రాంల కోసం హెచ్‌టీఎంఎల్ లోపలే అసలు అక్షరాలుండాలి. హెచ్‌టీఎంఎల్ అసలు చూపించనివాళ్ల కోసం టెక్స్ట్ రూపం ఉండాలి. థండర్‌బర్డ్‌లో View, Message Body As, Plain Text పెట్టుకున్నవాళ్లు, నాలాగా మట్ అనే అక్షరాల మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్లు, హెచ్‌టీఎంఎల్ తీసేసి లోపలికి పంపే ఆఫీసులు, వీళ్లకి కనబడేది అదే. ఒక్కసారి మంచి టెక్స్ట్ రాసుకుంటే రెండు పనులకీ అదే పనికొస్తుంది, కాబట్టి మొదలు అక్కడే.

క్లిక్_కిరణ్

తాతగారూ, మరి ఆల్టర్నేటివ్ అని పేరెందుకండీ? ఒకటి పనిచెయ్యకపోతే ఇంకోటనే కదా అర్థం. నేను జీమెయిల్లో టెస్ట్ చేసి చెప్తా.

పర్లాకిమిడి_పద్మ

ఆపడం ఎందుకో కూడా తెలిస్తే మేష్టారి మీద ఎవరూ విసుక్కోరు. బయట సర్వర్లో ఉన్న బొమ్మ తెరుచుకున్న క్షణాన, ఫలానా మనిషి ఫలానా టైముకి ఉత్తరం తెరిచాడని పంపినవాడికి తెలిసిపోతుంది. దాని కోసమే కంటికి కనబడనంత చిన్న బొమ్మలు పెట్టేవాళ్లున్నారు. అందుకే అవుట్‌లుక్, థండర్‌బర్డ్ అడగకుండా బొమ్మ తేవు. జీమెయిల్ మాత్రం 2013 డిసెంబరు నుంచి తన సర్వర్ల మీదుగా తెచ్చి చూపించేస్తోంది, కావాలంటే అడిగాకే చూపించు అని సెట్టింగ్ మార్చుకోవచ్చు. మీవాళ్లలో ఎక్కువమందికి బావుంది అనిపించడానికి కారణం అదే అయ్యుంటుంది బాబ్జీగారూ, వాళ్లవి జీమెయిళ్లు.

క్లిక్_కిరణ్

టెస్ట్ చేశా. జీమెయిల్ సెట్టింగ్స్‌లో Ask before displaying external images పెట్టుకుని, ఒక పోస్టర్ బొమ్మ, టెక్స్ట్ పెట్టెలో నాలుగు పేరాలు, నాకు నేనే పంపుకున్నా. ఖాళీ డబ్బానే వచ్చింది. నాలుగు పేరాలూ ఎక్కడా లేవు. మూడు చుక్కలు నొక్కి Show original చూస్తే మాత్రం text/plain లోపల భద్రంగా ఉంది. తాతగారు చెప్పిందే కరెక్ట్.

కానీ దీనికి ఇంకో దారుంది. బొమ్మని లింకుగా కాకుండా మెయిల్లోనే పొదిగేస్తే? అప్పుడు బయట నుంచి తెచ్చేది ఉండదు కాబట్టి ఆపదు కదా.

టెర్మినల్_తాత

అవుట్‌లుక్ ఆపదు, నిజమే. కానీ లెక్క చూడు బాబూ. బాబ్జీ పోస్టర్ రెండు పేజీలూ కలిపి 900 కేబీ అనుకుందాం. మెయిల్లో ఏ బొమ్మైనా బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారి వెళ్తుంది, మూడు బైట్లకి నాలుగు అవుతాయి, అంటే 1200 కేబీ. 610 మందికి 730 ఎంబీ పైమాట. పైగా చాలా మెయిల్ సర్వీసులు అలా పొదగనివ్వవు. అంతా అయ్యాక కూడా అది బొమ్మే, మేష్టారు అక్షరం పెద్దది చేసుకోలేరు, మెయిల్లో హాలు అని వెతికితే దొరకదు.

గుణుపురం_గిరిజ

ఆ చివరి మాట నాకు బాగా తెలుసు. మా నాన్నగారికి చూపు చాలా తగ్గింది, ఫోన్ చదివి వినిపిస్తే వింటారు. పోస్టర్ వస్తే "బొమ్మ" అని చెప్పి ఆగిపోతుంది. పొదిగినా ఒకటే, లింకైనా ఒకటే. బాబ్జీగారూ, ఆయన మీ లేఖ అందుకునేవాళ్లలో ఒకరు కాకపోయినా ఆయన కోసం కూడా చెయ్యండి.

అక్షరం_అప్పారావు

డీటీపీ పని పాతికేళ్లుగా. చెత్త అక్షరాల సంగతి నాకొదిలెయ్యండి. మీ డిజైన్ అబ్బాయి అనూ ఫాంట్లతో పేజీ కడుతున్నాడా? అయితే ఆ పీడీఎఫ్ లోపల తెలుగు లేదు. అనూ ఫాంట్లో ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు బొమ్మల్లా కూర్చోబెడతారు, కంటికి తెలుగు, లోపల ఇంగ్లీషు గుర్తులు. కాపీ చేస్తే అవే బయటపడతాయి. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ వత్తులు, ముఖ్యంగా క్రావడి, తేడా చేస్తుంటాయి, పక్కన మనిషి కూర్చుని దిద్దాలి.

పోనీ యూనికోడ్ ఫాంటుతోనే కట్టాడనుకోండి, పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే అప్పుడు కూడా ఒత్తులు గుణింతాలు అటూ ఇటూ అవుతాయి. పీడీఎఫ్ దాచుకునేది అచ్చు ఆకారాలు, అక్షరాల వరస కాదు. నేను చెప్పేదొక్కటే, డిజైన్ నుంచి వెనక్కి రావొద్దు. డిజైన్‌కి ముందు మీరు ఆ అబ్బాయికి ఇచ్చిన మేటర్ ఉంటుంది కదా, అక్కడి నుంచి మొదలెట్టండి.

బరంపురం_బాబ్జీ

అనూ ఫాంట్లే, అడిగాను. మేటర్ మాత్రం నేను వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే టైప్ చేసి పంపుతా. అంటే అసలు నా దగ్గరే ఉంది!

ఒక్క ఇబ్బంది. నేను పంపాక ఆ అబ్బాయి ఫోన్ చేసి తేదీలు అడుగుతాడు, ఆఖర్లో అధ్యక్షుల వారు రెండు లైన్లు మారుస్తారు, అవి డిజైన్లోనే మారతాయి. నా మేటర్లో పాతవే ఉంటాయి.

అక్షరం_అప్పారావు

అది అసలు ప్రమాదం. మా షాపులో ఒక శుభలేఖ అలాగే అయ్యింది, కార్డు మీద ఒక ముహూర్తం, ఫోన్లో పంపిన మెసేజ్‌లో ఇంకో ముహూర్తం. ఆఖరి దిద్దుబాటు ముందు టెక్స్ట్ ఫైల్లో చెయ్యాలి, దాన్ని చూసి డిజైన్ మార్చాలి. పంపే ముందు ఒకరు టెక్స్ట్ పైకి చదవాలి, ఇంకొకరు పోస్టర్ మీద వేలు పెట్టుకుని చూడాలి. తేదీ, టైము, ఫోన్ నంబరు, డబ్బు, ఈ నాలుగూ.

పర్లాకిమిడి_పద్మ

నేను మా కాలేజీ పూర్వ విద్యార్థుల లేఖకి టెక్స్ట్ రూపం రాస్తుంటాను. పోస్టర్ మీద కన్ను ఎలా తిరుగుతుందో ముందు చూసుకోండి. రెండు కాలమ్‌లు, పక్కన రంగు పెట్టె, కింద క్యూఆర్. టెక్స్ట్‌లో అన్నీ ఒకే వరసలోకి రావాలి, ఏది ముందో మీరే తేల్చాలి. అధ్యక్షుల సందేశం పోస్టర్లో పైన ఉంటుంది, గౌరవం కాబట్టి. టెక్స్ట్‌లో నేనైతే హాలు మారిన కబురు పైన పెట్టి సందేశం ఆఖర్లో పెడతాను, ఆయనకి ముందే చెప్పి.

ఇంగ్లీషు సలహాలు చదివితే హెడ్డింగులు పెద్దబడి అక్షరాల్లో రాయమంటారు. మనకి పెద్దబడి చిన్నబడి లేదు కదా! బోల్డూ ఉండదు, రంగూ ఉండదు. అందుకని హెడ్డింగుకి పైన రెండు ఖాళీ లైన్లు, కింద ఒకటి, ముందు ఒక అంకె. పైన ఈ లేఖలో ఏమున్నాయో అవే అంకెలతో మూడు లైన్లు. కింద గీతలాగా ====== కూడా వేస్తాను.

తరగతుల పట్టికని ఖాళీలు కొట్టి కాలమ్‌ల్లా సర్దొద్దు. ఇంగ్లీషులో ఒకే వెడల్పు ఫాంటులో ఆ పని నడుస్తుంది. తెలుగులో "క" వెడల్పు వేరు, "క్ష్మీ" వెడల్పు వేరు, మీ తెర మీద నిలువుగా నిలబడ్డది ఇంకొకరి తెర మీద మెట్లు మెట్లుగా జారిపోతుంది. ఒక్కో తరగతికి ఒక్కో వాక్యం రాసెయ్యండి.

గుణుపురం_గిరిజ

పద్మక్కా, ఆ ====== వద్దు ప్లీజ్. నాన్నగారి ఫోన్ ఒక్కోసారి దాన్ని ఈక్వల్స్ ఈక్వల్స్ ఈక్వల్స్ అని చదువుకుంటూ పోతుంది, ఆయన విసిగి ఆపేస్తారు. అంకె, ఖాళీ లైను చాలు.

పర్లాకిమిడి_పద్మ

ఎప్పుడూ అలా ఆలోచించలేదమ్మా. కానీ చూపున్నవాళ్లకి ఆ గీత లేకపోతే నాలుగు పేజీల లేఖ ఒక్క ముద్దలా కనబడుతుంది, ఫోన్లో జరుపుకుంటూ పోయేవాళ్లకి మరీ. మూడు గుర్తులతో చిన్న గీత సరిపోతుందేమో, --- ఇలా?

టెర్మినల్_తాత

మూడు పెట్టుకోండి, రెండు మాత్రం పెట్టకండి. రెండు అడ్డగీతలూ ఒక ఖాళీ ఉన్న లైను వస్తే అక్కడి నుంచి సంతకం మొదలైందని చాలా మెయిల్ ప్రోగ్రాంలు అనుకుంటాయి, కింద ఉన్నదంతా బూడిద రంగులోకి పోతుంది, జవాబు రాసేటప్పుడు మాయమైపోతుంది. ఒక భజన మండలి లేఖలో సగం అలా బూడిదైపోవడం చూశాను.

బరంపురం_బాబ్జీ

మీరందరూ చెప్పినట్టు జూన్ లేఖ రాసుకున్నా. చూసి దిద్దండి. అడ్రసులు ఇక్కడికి మార్చి పెట్టాను.

```
మా సంఘం, జూన్ లేఖ

ఈ లేఖలో
1. సభ హాలు మారింది
2. పిల్లల తెలుగు తరగతులు
3. భవన నిధి


1. సభ హాలు మారింది

జూన్ 14 ఆదివారం, సాయంత్రం 6 గంటలకి సభ.
చోటు: గ్రంథాలయం మేడ మీది హాలు. పాత హాల్లో సభ లేదు.
దారి కోసం https://example.org/daariలో చూడండి.


2. పిల్లల తెలుగు తరగతులు

అక్షరాలు, 6 నుంచి 8 ఏళ్లు: శనివారం సాయంత్రం 4 గంటలకి
చదవడం, 9 నుంచి 12 ఏళ్లు: ఆదివారం ఉదయం 9 గంటలకి


3. భవన నిధి

పై క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపవచ్చు.
```

క్లిక్_కిరణ్

"పై క్యూఆర్ కోడ్", ఏ పై అండీ? టెక్స్ట్‌లో క్యూఆర్ లేదు.

పర్లాకిమిడి_పద్మ

అవును, కిరణ్ పట్టాడు. పోస్టర్ మాటలు అలాగే దొర్లుకొచ్చేస్తాయి, పై బొమ్మలో, పక్క పెట్టెలో, ఎర్ర అక్షరాల్లో, ఇక్కడ నొక్కండి. వీటికోసం ఒకసారి ప్రత్యేకంగా వెతకాలి. క్యూఆర్ బదులు యూపీఐ ఐడీ అక్షరాల్లో రాయండి, కింద ఎవరి పేరు మీద కనబడుతుందో కూడా రాయండి, డబ్బు పంపేవాళ్లు అది సరిచూసుకుంటారు. ఫోన్లో చదివేవాడికి తన తెర మీదున్న క్యూఆర్ స్కాన్ చెయ్యడం ఎలాగూ కష్టమే, ఐడీ అయితే కాపీ చేసుకుంటాడు.

టెర్మినల్_తాత

లింకు చూడు బాబ్జీ. daari పక్కనే "లో" అంటించేశావు. లింకు ఎక్కడ ఆగుతుందో టెక్స్ట్‌లో ఎవరూ చెప్పరు, ప్రోగ్రాం ఊహించుకుంటుంది. కొన్ని ఆ "లో" ని కూడా లింకులో కలిపేసుకుంటాయి, నొక్కితే పేజీ లేదని వస్తుంది. ఇంగ్లీషువాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లకి విభక్తి విడిగా ముందే వచ్చేస్తుంది, మనకి వెనక అంటుకుంటుంది. లింకుని ఎప్పుడూ దాని లైన్లో దాన్నే ఉంచాలి, ముందు లైన్లో వాక్యం పూర్తి చేసెయ్యాలి, చివర చుక్క కూడా పెట్టకూడదు.

```
హాలుకి దారి చూపే పటం:
https://example.org/daari
```

చందా రద్దు లింకు కూడా ఇలాగే విడి లైన్లో, అది ఇందులో మర్చిపోయావు.

జయపురం_జేపీ

నాది కొంచెం పక్క ప్రశ్న. జయపురంలో మా కాలనీ లేఖ నేను సర్వీసు లేకుండా నా స్క్రిప్ట్‌తో పంపుతా, హెడర్లు చేత్తో రాసి sendmail అనే మెయిల్ పంపే ప్రోగ్రాంకి ఇస్తా. చిన్న పేరాలు బాగానే వెళ్తాయి, పెద్ద పేరా మధ్యలో మాత్రం ఒక అక్షరం � అయిపోతుంది, లైను కూడా అక్కడ విరుగుతుంది. ప్రతిసారీ వేరే అక్షరం. ఫాంటు సమస్యా?

అక్షరం_అప్పారావు

ఫాంటే అయ్యుంటుంది. యూనికోడ్ ఫాంట్లు కొన్నింట్లో అన్ని వత్తులూ ఉండవు.

టెర్మినల్_తాత

ఫాంటులో అక్షరం లేకపోతే ఖాళీ డబ్బా వస్తుంది అప్పారావుగారూ, అదీ ఆ అక్షరం వచ్చిన ప్రతిచోటా వస్తుంది. ఈ నల్ల ప్రశ్నార్థకం బైట్లు విరిగినప్పుడు వస్తుంది. జేపీ, నీ హెడర్లో Content-Transfer-Encoding: 8bit అని ఉందా?

జయపురం_జేపీ

ఉంది. పేరాలో ఎక్కడా ఎంటర్ కొట్టను, పేరా మొత్తం ఒకే లైను. ఫోన్లో చక్కగా సర్దుకుంటుందని.

టెర్మినల్_తాత

దొరికింది. మెయిల్లో ఒక లైను 998 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషులో అంటే దాదాపు వెయ్యి అక్షరాలు, ఎవరూ దాటరు. తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు బైట్లు, గుణింతం కూడా విడిగా లెక్క. "తెలుగు" అన్న మూడక్షరాల మాటలో ఆరు గుర్తులున్నాయి, త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం 18 బైట్లు. అంటే 333 గుర్తులకే గీత దాటేస్తావు. 520 గుర్తుల పేరా, అందులో 60 ఖాళీలు అనుకో, ఖాళీకి ఒక్క బైటు, మిగతా 460కి 1380, మొత్తం 1440. దారిలో ఏదో సర్వర్ 998 దగ్గర విరిచేసింది, ఆ చోటు ఒక అక్షరం మూడు బైట్ల మధ్యలో పడింది. కొన్ని సర్వర్లు విరవకుండా ఉత్తరాన్నే తిప్పి పంపేస్తాయి.

మందు ఏంటంటే 8bit మానెయ్, బేస్64 పెట్టు. అప్పుడు పొడుగు పేరా కూడా చిన్న లైన్లుగా మారి వెళ్తుంది, అవతల మళ్లీ ఒకే పేరా అవుతుంది. కోటెడ్ ప్రింటబుల్ అని ఇంకోటుంది, ఇంగ్లీషుకి బావుంటుంది, తెలుగుకి బరువు. "తెలుగు" అందులో 54 అక్షరాలవుతుంది, బేస్64లో 24. హెడర్లు చేత్తో రాయడం కన్నా పైథాన్‌కి వదిలెయ్:

```python
from email.message import EmailMessage

msg = EmailMessage()
msg["Subject"] = "జూన్ లేఖ: సభ హాలు మారింది"
msg.set_content(text, cte="base64")
msg.add_alternative(html, subtype="html", cte="base64")
```

టెక్స్ట్ ముందు, హెచ్‌టీఎంఎల్ తర్వాత, ఆ వరస తిప్పకు. బైట్లని ఏ అక్షరాలుగా చదవాలో చెప్పే చార్‌సెట్ utf-8 అని అదే రాసుకుంటుంది. అది లేకపోతే "తె" బదులు à°¤à±† లాంటి గొలుసు కనబడుతుంది. అలా కనబడితే బైట్లు బాగానే చేరాయని, చార్‌సెట్ చెప్పడం మర్చిపోయావని గుర్తు.

జయపురం_జేపీ

మార్చి పంపా, అధ్యక్షుడి పొడుగు పేరా కూడా విరగకుండా వచ్చింది. నాలుగు నెలలు ఫాంట్లు మార్చుకుంటూ కూర్చున్నా తాతగారూ.

72 గుర్తుల దగ్గర లైన్లు నేనే విరిస్తే? పైథాన్‌లో textwrap పెట్టి చూశా, లింకులు ముక్కలైపోయాయి.

టెర్మినల్_తాత

విరవాలంటే break_long_words=False, break_on_hyphens=False రెండూ ఇవ్వు. లేకపోతే పొడుగు లింకునీ, అడ్డగీత ఉన్న లింకునీ అది కోసేస్తుంది. కానీ నువ్వన్నట్టు చిన్న ఫోన్లో 72 దగ్గర విరిచిన లైను ఒకటి నిండుగా ఒకటి సగంగా పడుతుంది. నా మట్‌లో విరిచినదే హాయిగా ఉంటుంది. ఇందులో నాకూ పద్మకీ ఎప్పుడూ కుదరదు.

పర్లాకిమిడి_పద్మ

కుదరదు :) మావాళ్లు తొంభై శాతం ఫోన్లోనే చదువుతారు. నేను విరవను.

బరంపురం_బాబ్జీ

ఇప్పుడు అసలు మేష్టారి సంగతి. హెచ్‌టీఎంఎల్‌లో ఏం చెయ్యాలి తాతగారూ? రెండు పోస్టర్లకీ, బొమ్మ రాకపోతే దాని బదులు కనబడే ఆల్ట్ టెక్స్ట్‌లో ఈ లేఖంతా పోసెయ్యనా?

టెర్మినల్_తాత

పొయ్యకు. అవుట్‌లుక్ ఆల్ట్ మాటల ముందు తన ఇంగ్లీషు హెచ్చరిక రెండు లైన్లు పెడుతుంది, ఆ తర్వాత నీ మాటలు, అదీ ఆ డబ్బాలో పట్టినంతే. లింకు నొక్కుడవదు, పేరాలుండవు. ఆల్ట్ అంటే ఒక్క వాక్యం.

పోస్టర్‌ని విడగొట్టు. పైన శీర్షిక బొమ్మ ఒకటి, సభ ఫోటో ఉంటే అదొకటి, అంతే బొమ్మలు. మిగతా మాటలన్నీ నువ్విప్పుడు రాసిన టెక్స్టే, పేరాలుగా, హెడ్డింగులుగా, మామూలు అక్షరాల్లో. రంగు కావాలంటే వెనక రంగు వెయ్యి, అది బొమ్మ కాదు కాబట్టి ఆగదు. తెల్ల అక్షరాలు మాత్రం బొమ్మ మీద వెయ్యకు, బొమ్మ రాకపోతే తెలుపు మీద తెలుపు.

```html
<img src="https://example.org/june.png" width="600"
     alt="జూన్ లేఖ. సభ 14న, కొత్త హాల్లో">
<h2>1. సభ హాలు మారింది</h2>
<p>జూన్ 14 ఆదివారం, సాయంత్రం 6 గంటలకి సభ.</p>
```

అక్షరం_అప్పారావు

డిజైన్ అబ్బాయి బాధపడతాడు. రెండు పేజీలు కట్టేవాడికి ఒక్క శీర్షిక మిగిల్చారు.

బరంపురం_బాబ్జీ

అడిగాను, మొదట ముఖం ముడుచుకున్నాడు. మేష్టారింటికి తీసుకెళ్లి ఆ ఖాళీ డబ్బాలు చూపించాను. తిరిగొచ్చేటప్పుడు బండి మీద "నా పేజీలు ఆయన ఒక్కటీ చూడలేదా" అన్నాడు. ఇప్పుడు శీర్షిక తనే కొత్తగా గీస్తున్నాడు, పోస్టర్ పీడీఎఫ్ విడిగా లింకు ఇస్తున్నాం, అచ్చు వేసుకునేవాళ్లకి.

క్లిక్_కిరణ్

టెక్స్ట్ రూపంలో లేఖంతా వెయ్యడం అవసరమా అని నాకింకా డౌటే. "పూర్తి లేఖ ఇక్కడ చదవండి" అని ఒక్క లింకు ఇస్తే చాలదా? మట్ వాడేవాళ్లు 610లో ఎంతమందుంటారు.

టెర్మినల్_తాత

ఇద్దరో ముగ్గురో. కానీ స్పామ్ వడపోతలు కూడా ఆ టెక్స్ట్ చదువుతాయి. స్పామ్‌అసాసిన్ అనే వడపోతలో MPART_ALT_DIFF అని ఒక నియమం ఉంది, రెండు రూపాల్లో మాటలు బాగా తేడాగా ఉంటే అనుమానం మార్కు వేస్తుంది. టెక్స్ట్ రూపం లేకపోతే MIME_HTML_ONLY. బాబ్జీ పాత లేఖలాగా మాటల్లేకుండా బొమ్మే ఉంటే HTML_IMAGE_ONLY పేరుతో ఇంకొన్ని. ఒక్కోటీ చిన్న మార్కే, కలిస్తేనే ఉత్తరం స్పామ్ పెట్టెలో పడుతుంది. ఎలాగూ రాసిన టెక్స్టే కదా, పూర్తిగా వెయ్యడానికి ఖర్చేముంది?

గుణుపురం_గిరిజ

గుణుపురం దాటి కొండల్లోకి వెళ్తే సిగ్నల్ ఒక గీత ఉంటుంది కిరణ్. మెయిల్ దిగుతుంది, లింకు తెరుచుకోదు. పూర్తిగా వెయ్యండి.

ప్రాణహిత_ఒడ్డు

ఇప్పుడు సమజైంది నాకు. మా దిక్కు ఇంకో తిప్పలున్నది, మా పోరగాళ్లు మరాఠీ మీడియం, తెలుగు మాట్లాడ్తరు గని చదవరాదు. వాళ్లకు టెక్స్ట్ పంపితే గది గూడ బొమ్మ లెక్కనే. మీ దగ్గర ఒడియా మీడియం పిల్లలకు ఏం చేస్తున్నరు?

బరంపురం_బాబ్జీ

మంచి ప్రశ్న, మా కమిటీలో ఇదే గొడవ. తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసి కింద కలపాలని కొందరు, అలా చేస్తే తెలుగు తరగతులకి ఎవరొస్తారని ఇంకొందరు. లేఖ రెండింతలవుతుంది కూడా. ఇంకా తేలలేదు.

పర్లాకిమిడి_పద్మ

మేం సభ తేదీ, చోటు రెండు లైన్లు మాత్రం ఒడియాలో వేస్తాం. మిగతా తెలుగే. అందరికీ నచ్చలేదు.

బరంపురం_బాబ్జీ

జూన్ లేఖ నిన్న రాత్రి వెళ్లింది. పంపే ముందు మూడు చోట్ల చూశా, థండర్‌బర్డ్ ప్లెయిన్ టెక్స్ట్‌లో, జీమెయిల్లో బొమ్మలు ఆపి, మేష్టారి అవుట్‌లుక్‌లో. అప్పారావుగారు చెప్పినట్టు మా ఆవిడ పైకి చదివింది, నేను డిజైన్ మీద వేలు పెట్టుకుని చూశా. ఆదివారం తరగతి టైము ఒకచోట 9, ఇంకోచోట 9.30 ఉంది, పట్టుకున్నాం.

పొద్దున మేష్టారి జవాబొచ్చింది. "హాలు మెట్లకి రెయిలింగ్ ఉందా?" అని అడిగారు. ఆయన మా లేఖకి జవాబు రాయడం ఇదే మొదటిసారి. రెయిలింగ్ ఒక వైపే ఉంది, ఆ సంగతి లేఖలో వెయ్యలేదు. ఇప్పుడే వెళ్లి చూసొస్తా.